రోజాతోటే ఉండా

"రోజాతోటే ఉండా."

మంగళవారం పొద్దున పదిన్నరకు ఆశ చెవిలో పడిన మాట ఇది. చెప్పినవాడు మాదేశ్, చెప్పిన చోటు చండీగఢ్. విన్న చోటు బాగలూరు పక్కన ఒక రోజాల ఫారం, అందులో పూలు దాచే కోల్డ్ రూమ్. బయట గ్రేడింగ్ టేబుల్ దగ్గర ఫోను ముట్టుకోకూడదని మేనేజరు అనంతకుమార్ రూలు పెట్టినందువల్ల, ఆశ తన ప్రేమ వ్యవహారమంతా మూడు డిగ్రీల చలిలో, పూల బకెట్ల వెనక నిలబడి నడుపుకుంటూ వస్తోంది. ప్రేమ అని ఆమె అనలేదు, అతనూ అనలేదు. ఇంకా మెసేజీల దశలోనే ఉంది. ఎంత నిలవ ఉంచినా వాడిపోకుండా కోల్డ్ రూమ్ ఒకటి కాపాడుతోంది, అంతే.

మాదేశ్ మాట్లాడితే లోడెత్తిన ట్రాక్టరు గేటు దాటినట్టుంటుంది. అందుకని అతని వాయిస్ మెసేజీ ఏది వచ్చినా ఆశ ఒకటిన్నర స్పీడులో వింటుంది. పైన బ్లోయరు హోరు, చెవికి ఆనించిన ఫోను మంచుగడ్డ. పందొమ్మిది సెకన్ల మెసేజీలో నాలుగో సెకనుకు ఆ మాట వచ్చింది. ఐదో సెకనుకు ఆశ బొటనవేలు దాన్ని ఆపేసింది.

మెసేజీ వెంట ఒక ఫోటో కూడా ఉంది. ఊరంతా పొగమంచు. బెంచీ మీద మాదేశ్, మఫ్లరు చుట్టుకొని, రెండు చేతులూ జేబుల్లో పెట్టుకొని నవ్వుతున్నాడు. పక్కన రెండు టీ గ్లాసులు. ఫోటో ఎడమ అంచున ఎర్ర శాలువా కప్పుకున్న ఎవరిదో మోచెయ్యి.

ఆశ కోల్డ్ రూమ్ నుంచి బయటికి వచ్చింది. లోపల చలి, బయట ఎండ, ఆమె ముఖంలో మాత్రం మంట. పక్క టేబుల్లో ముళ్ళు గీస్తున్న కలైసెల్వి చూసింది.

"ఏమాయె? మొకం బెండ్ నెక్ అయిపోయిందే."

మెడ వంగిన పువ్వును ఆ షెడ్‌లో బెండ్ నెక్ అంటారు. అలాంటిది బాక్సులోకి పోదు, బుట్టలోకి పోతుంది. ఆశ చేతి గ్లవ్సు తొడుక్కొంటూ, మాదేశ్ ఆడ రోజాతోటే ఉండాడంట అని మెల్లగా చెప్పింది.

మెల్లగా చెప్పిన మాట మంజులమ్మ చెవిన పడకుండా పోవడం ఆ షెడ్ పుట్టిన దగ్గర నుంచి జరగలేదు. అందరికన్నా పెద్దది, టేబుల్ చివర నిలబడి పూల పొడవు కొలిచే మనిషి, అరవై సెంటీమీటర్ల కాడకు ఒక పక్క, డెబ్బై కాడకు ఇంకో పక్క. ఆమె స్కేలు దించి అడిగింది, "రోజాకు ఏమైంది? ఏ రోజా? తాజ్‌మహలా, అవలాంచా?"

ఆమె తప్పు లేదు. రోజంతా రోజాలతోనే బతికే ఆ ఇరవై మంది ఆడవాళ్ళలో రోజా అనే మాట ఎవరూ వాడరు. ఎర్రది తాజ్‌మహల్, తెల్లది అవలాంచ్, పసుపుది గోల్డ్ స్ట్రైక్. అవి పెరిగే చోటు పాలీహౌస్. మొత్తం కలిపితే ఫారం. చేప నీళ్ళను నీళ్ళని పిలవనట్టు, వాళ్ళు రోజాను రోజా అని పిలవరు. రోజా అంటే ఇక మిగిలేది ఒక్కటే, ఆడదాని పేరు.

"పువ్వు కాదక్కా, మనిషి," అంది కలైసెల్వి.

మధ్యాహ్నం అన్నాల వేళకు ఆ మనిషికి వయసు వచ్చింది, ఇరవై రెండు. రంగు వచ్చింది, అవలాంచ్ రంగు. ఇంకో టేబుల్ దాకా పోయేసరికి స్కూటీ కూడా వచ్చింది. హొసూరులో చదివి అంత దూరంలో ఉద్యోగం చేస్తున్న మన వైపు పిల్లే అయ్యుంటుందని ఒకరు తేల్చారు, లేకపోతే చండీగఢ్‌లో రోజా అని పేరెవరు పెడతారు? పుట్టిన రెండు గంటల్లో ఇంత పెరిగిన బిడ్డను ఆ షెడ్ ముందెన్నడూ చూడలేదు.

ఆశ సంగటి ముద్ద గిన్నెలోనే పెట్టుకొని, నీళ్ళ ట్యాంకు నీడన కూర్చొని చాట్‌ను వెనక్కి జరిపింది. నిన్నటిదాకా ముద్దుగా చదువుకున్నదే. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. ఇప్పుడు చదివితే ప్రతి అక్షరానికీ ముల్లు మొలిచింది.

ఆదివారం ఆగ్రా నుంచి వచ్చిన ఫోటో. పొగమంచులో తెల్లటి గుమ్మటం ఒకటి అరకొరగా, దాని ముందర మాదేశ్. కింద మాదేశ్ రాసినాడు, తాజ్‌మహల్ ముందర ఉండా అని. ఆశ జవాబు: తాజ్‌మహల్ యాడ? ఎవురో దుప్పటి ఆరేసినట్టుంది. అని ఊరుకుందా, ఆదివారం డ్యూటీలో తన ముందున్న ఎర్ర పూల కట్టలకు ఫోటో తీసి పంపింది: నీకు ఒకటే తాజ్‌మహల్, నా ముందర నాలుగు వందలు ఉండాయి, పాపం. దానికి మాదేశ్ ఎర్ర గుండె పెట్టినాడు. పెట్టిన రెండు నిమిషాలకు గుండె తీసేసి, కళ్ళల్లో నీళ్ళొచ్చేట్టు నవ్వే ముఖం పెట్టినాడు. ఆ రెండు నిమిషాల గుండె నోటిఫికేషన్‌లో ఆశ చూసేసింది. ఆదివారమంతా ఆ గుండెతోనే గడిపింది.

ఆ పైన, ఆగ్రాలో దొరికే గుమ్మడికాయ మిఠాయి ఫోటో. నాకు కడుపు మండుతా ఉంది, చల్లార్చే దానికి ఒక డబ్బా తేవల్ల అని తను రాసింది. ఎంత మంట? అని అతను. ఫైర్ ఇంజన్ పిలిచేంత అని తను. అప్పుడది ఆట. ఇప్పుడు మంట నిజంగానే అంటుకుంది, ఇంజను మాత్రం చండీగఢ్‌లో ఇంకెవరితోనో టీ తాగుతోంది.

ఇంతకూ మాదేశ్ దేశం మీద పడింది తిరగడానికి కాదు. హొసూరులో కోల్డ్ రూములు బిగించే కంపెనీలో టెక్నీషియన్. సిమ్లా పైన ఆపిల్ పండ్ల ఊళ్ళో కొత్త గది బిగించే పని. దారిలో ఒక పూట ఆగ్రా, ఒక పూట చండీగఢ్. ఇద్దరమే వచ్చినాము అని శనివారమే రాసినాడు. ఆ ఇద్దరిలో రెండోవాళ్ళు ఎవరని ఆశ అప్పుడు అడగలేదు.

ఇప్పుడామె ఫోటోను రెండు వేళ్ళతో సాగదీసింది. మోచెయ్యి పెద్దదయింది. ఇంకా సాగదీసింది. శాలువా అంచున అద్దాలు కనిపించాయి. ఇంకా సాగదీస్తే చుక్కలు చుక్కలుగా చెదిరిపోయింది. రెండు చేతులూ జేబులోనే ఉంటే ఫోటో ఎవరు తీసినట్టు? ఆగ్రా ఫోటోలోనూ జేబుల్లోనే. మోచెయ్యి కాదిది, మోసం చెయ్యి అనుకుంది ఆశ.

పదకొండు ముప్పావుకు మాదేశ్ ఇంకో ముక్క పంపి ఉన్నాడు: ఆడోళ్ళు చానా మంచోళ్ళు, అడక్కనే టీ ఇచ్చినారు.

ఆడ అంటే అక్కడ. ఆ ఊరి మనుషులు మంచివాళ్ళని అతని భావం. నిన్న చదివి ఉంటే ఆశకూ అదే అర్థమయ్యేది. ఈ రోజు ఆడోళ్ళంటే ఆడవాళ్ళే అయిపోయారు. ఆమె చాట్‌ను కిందకి జరిపి, పసుపు బొటనవేలు బొమ్మ ఒకటి వత్తి పంపింది. ఇద్దరి మధ్య మెసేజీల్లో అంతవరకు బొటనవేలు ఎన్నడూ రాలేదు. చండీగఢ్ చలి ఏడు డిగ్రీలో, కోల్డ్ రూమ్ మూడు డిగ్రీలో, దానికన్నా చల్లనిది ఫోనులో ఇంకోటి లేదు.

సాయంత్రం ఇంటికి పోతూ మత్తిగిరిలో బస్సు దిగేసరికి ఫోను మోగింది. తీస్తే, మాదేశ్ ఏదో పంపి డిలీట్ చేసినాడు. ఈ మెసేజీ తొలగించబడింది అన్న బూడిదరంగు గీత ఒక్కటి మిగిలింది. దాచిపెట్టిన మాట కన్నా చెరిపేసిన మాట ఎక్కువ సలుపుతుంది. ఆశ చాట్ తెరిచే కూర్చుంది. పైన ఆన్‌లైన్ అని వచ్చింది. టైపింగ్ అని వచ్చింది. ఆగింది. మళ్ళీ టైపింగ్. మళ్ళీ ఆగింది. చివరికి లాస్ట్ సీన్ ఎనిమిదీ పది. రోజా పిలిచి ఉంటుంది.

ఆమెకు తెలియని సంగతి ఒకటుంది. వాయిస్ మెసేజీ విన్నాక పక్కనున్న మైకు గుర్తు నీలంగా మారుతుంది. పంపినవాడికి అది కనిపిస్తుంది. మొత్తం విన్నారో, నాలుగు సెకన్లు విన్నారో మాత్రం ఆ నీలం చెప్పదు. సిమ్లా ఘాట్ ఎక్కే బస్సులో మాదేశ్ ఆ నీలం మైకు వైపే చూస్తూ కూర్చున్నాడు.

కలైసెల్వి ఆ మెసేజీ ఇంకోసారి విందామని రెండుసార్లు అడిగింది. ఆశ ఇవ్వలేదు. విన్నది చాలు, మళ్ళీ వినిపించి ఇరవై మందికి రోజాను పరిచయం చెయ్యాలా?

బుధవారం సాయంత్రం లోపల జవాబు చెప్పమని అనంతకుమార్ ఒక మాట అడిగి ఉన్నాడు. కృష్ణగిరికి ఇవతల గురుబరపల్లిలో, హైవే పక్కన, ఫారం వాళ్ళు కొత్త ప్యాకింగ్ షెడ్ తెరుస్తున్నారు. చుట్టుపక్కల రైతులు తెచ్చే పూలు ఆడనే గ్రేడు చేసి పంపాలి. సూపర్‌వైజరుగా పోతావా అని. ఆరేళ్ళుగా టేబుల్ వెనక నిలబడిన మనిషికి టేబుళ్ళన్నీ అప్పజెప్పే పని. సోమవారం నుంచి ఆశ, ఆలోచించి చెప్తా సార్ అంటూ వస్తోంది. ఆలోచన ఒక్కటే. ఈ కోల్డ్ రూమ్ చెక్ చేసేదానికి ప్రతి మంగళవారం మాదేశ్ వస్తాడు. గురుబరపల్లికి వచ్చేది వేరే టెక్నీషియన్.

బుధవారం మూడు గంటలకు ఆశ ఆఫీసు గది తలుపు దగ్గర నిలబడింది.

"నేను పోతాను సార్."

మాదేశ్‌కు బదులు ఇవ్వకుండా బదిలీ తీసుకుంది. అనంతకుమార్ సంతోషపడి, రేపే వ్యానులో పోయి షెడ్ చూసి రమ్మన్నాడు. టేబుల్ దగ్గరికి వచ్చి ఇరవై పూలు లెక్కపెట్టి కట్ట కట్టబోతే పంతొమ్మిదే వచ్చాయి. మళ్ళీ లెక్కపెడితే ఇరవై ఒకటి. మంజులమ్మ చూసి, కట్ట తీసుకొని తనే సరిచేసింది.

గురువారం పొద్దున వ్యాను సూలగిరి దాటుతుండగా సిమ్లా మంచు వచ్చింది. ఫోటో నిండా మంచే. మంచు మీద మాదేశ్ వేలితో రాసిన అక్షరం ఒకటి, ఆ అన్నట్టుంది. ఆడ అని రాయబోయి ఆపాడో, ఆపిల్ అనో, ఇంకేదో. ఆశకు ఒక క్షణం అన్నీ మరిచిపోయి, మంచు నోట్లో వేసుకుంటే ఎట్లుంటుంది, ఉప్పగానా చప్పగానా అని అడగాలనిపించింది. టైపు కూడా చేసింది. చివరి అక్షరం నుంచి మొదటి అక్షరం దాకా చెరిపి, బొటనవేలు పంపింది.

అంతటితో ఆగలేదు. గురుబరపల్లి టీ అంగడి ముందు వ్యాను ఆగినప్పుడు ఫోను పైకెత్తి, వెనక కొండలు వచ్చేట్టు సెల్ఫీ తీసుకుంది. అంచున డ్రైవరు మోహన్‌కుమార్ టీ గ్లాసు పట్టుకున్న చెయ్యి పడింది, వెండి కడియంతో సహా. మామూలుగా అయితే దాన్ని కత్తిరించేస్తుంది. ఈసారి మిగతా రోడ్డు, బస్సు, ఆవు, మోహన్‌కుమార్ పొట్ట అన్నీ కత్తిరించి, చెయ్యిని మాత్రం జాగ్రత్తగా ఉంచింది. పూలను గ్రేడు చేసిన చేతులకు ఫోటో ఒక లెక్కా? క్వాలిటీ తగ్గకుండా హెచ్‌డీ వత్తి పంపింది. మోహన్‌కుమార్‌కు ముగ్గురు పిల్లలు, తన చెయ్యి సిమ్లా ప్రయాణమైన సంగతి అతనికి తెలియదు.

ఒక టిక్కే పడింది. పావుగంటకూ ఒకటే. సిమ్లాలో సిమ్ లేదా? ఆ ఒంటి టిక్కు ముందు ఆశ టెక్కు అంతా నీరుగారిపోయింది.

కొత్త షెడ్‌లో ఎనిమిది మంది ఆడవాళ్ళు గోడకు ఆనుకొని నిలబడి ఉన్నారు. వడ్రంగి టేబుళ్ళు దించి పోయాడు. ఆశ ఒక టేబుల్ దగ్గర నిలబడి, ఉత్త చేతులతోనే కాడ అందుకొని ఆకు దూసినట్టు చేసి చూసింది. నడుము వంగింది. మగవాడు కూర్చొని కొలిచిన టేబుల్ ఇది. దాని కాళ్ళ కింద ఇటుకలు పెట్టించింది. ఒక్క ఇటుక సరిపోలేదు, ఒకటిన్నర కావాలి. పొట్టిగా ఉన్న మారెమ్మ అనే ఆమెను పిలిచి నిలబెట్టి, ఆమెకు ఒక ఎత్తు, పొడుగు వాళ్ళకు ఒక ఎత్తు పెట్టించింది. బకెట్లు కడిగిన నీళ్ళు తలుపు వైపు పారుతుంటే వాలు మార్చమంది. ఏం చెప్పినా ఎనిమిది మందీ కదిలారు. ఎవరో అమ్మా అని పిలిస్తే ఆశ వెనక్కి తిరిగి చూసింది. పిలిచింది తననేనని రెండో పిలుపుకు అర్థమైంది.

రెండు గంటలు ఫోను జేబులో ఉన్న సంగతే గుర్తురాలేదు.

తిరుగు దారిలో చూస్తే రెండు నీలం టిక్కులు. కింద: ఆ చెయ్యి ఎవురిది?

చదువుతుండగానే ఆ వాక్యం కళ్ళ ముందే చెరిగిపోయి బూడిదరంగు గీత అయింది. ఆలస్యమైపోయింది, ఆశ చదివేసింది. మంగళవారం నుంచి మొదటిసారి ఆమె నవ్వింది. చెరిపేసిన దానికే జవాబు రాసింది: ఈడోళ్ళది.

ఈడ అంటే ఇక్కడ. ఈడు అంటే వయసు. ఏది అర్థం చేసుకుంటాడో చేసుకోనీ. అవతల టైపింగ్ వచ్చి, పోయి, వచ్చి, పోయి, చివరికి ఒక బొటనవేలు వచ్చి కూర్చుంది. పసుపుది. అది చూశాక ఆశ నవ్వు మిగల్లేదు. తను పంపినవి ఎంత చల్లగా ఉండి ఉంటాయో అప్పుడు తెలిసింది.

శుక్ర, శని, ఆదివారాలు ఇద్దరి ఫోన్లూ మౌనవ్రతం పట్టాయి. స్టేటస్‌లు మాత్రం మాట్లాడాయి. ఆశ ఇటుకల మీద టేబుల్ ఫోటో పెడితే చూసినవాళ్ళ జాబితాలో మొదటి పేరు మాదేశ్. మాదేశ్ విమానం రెక్క పెడితే మొదటి పేరు ఆశ.

సోమవారం పొద్దున బాగలూరు షెడ్‌లో ఆశకు చివరి రోజు. ఫిబ్రవరి ఆర్డర్ల తొందరలో టేబుళ్ళ మీద తాజ్‌మహళ్ళు కుప్పలు పడి ఉన్నాయి. కోల్డ్ రూమ్ చలి సరిగా పట్టడం లేదని అనంతకుమార్ ఫోను చేస్తే, మాదేశ్ ఒక రోజు ముందే వచ్చాడు. వెనకే అతనితో పనిచేసే వెల్డరు ఏళుమలై, యాభై దాటిన మనిషి, తలకు మంకీ క్యాప్. బాగలూరు ఎండలో కూడా భుజాల మీద ఎర్ర శాలువా, అంచున అద్దాలు.

ముళ్ళు గీసే కత్తులు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

"ఏమన్నా ఇది?" అంది కలైసెల్వి.

ఏళుమలై శాలువాను ఇంకొంచెం లాక్కొని, పెళ్ళానికని ఆగ్రాలో కొన్నానని, చలికి తానే కప్పుకున్నానని, సిమ్లా నుంచి పట్టిన జలుబు ఇంకా వదల్లేదని చెప్పాడు. పోయిందంతా తామిద్దరమేనని, దారి పొడుగునా ఫోటోలు తీసింది తనేనని, వేలు అడ్డం పడకుండా తీయడానికి రెండు రోజులు పట్టిందని కూడా చెప్పాడు. ఒక ఫోటోలో మాత్రం మాదేశ్ ఫోనును చెట్టు కొమ్మకు ఆనించి టైమరు పెట్టాడని, పక్కనే కూర్చున్న తనను సగానికి కోసేశాడని ఫిర్యాదు చేశాడు.

ఆశ గ్లవ్సు విప్పి టేబుల్ మీద పెట్టింది. మాదేశ్ ఆమె వైపు చూడకుండా కోల్డ్ రూమ్ స్విచ్చు ఆఫ్ చేశాడు. బ్లోయరు ఆగింది.

"అట్లయితే రోజా యాడ?" అని మంజులమ్మ అడిగింది.

"ఏ రోజా?"

"నువ్వు తోటే ఉండావంట కదప్పా. చండీగఢ్‌లో. ఈ బిడ్డకు నువ్వే చెప్పినావంట."

మాదేశ్ స్క్రూడ్రైవరు దించాడు. ఆశను చూశాడు. ఆశ బకెట్‌లో నీళ్ళు చూస్తోంది.

"నువ్వు మొత్తం విన్లేదా?" అన్నాడు మెల్లగా. అతను మెల్లగా అంటే ఎంత మెల్లగానో చెప్పనక్కరలేదు. "మైకు నీలం అయింది. నేను... విని ఊరికే ఉండావనుకున్నా."

ఫోను తీశాడు. పైకి జరిపాడు. ఇరవై మంది దగ్గరికి జరిగారు. వద్దని ఆశ అనే లోపల, తన మాట తప్పు కాదని రుజువు చేసే తొందరలో, ఇంకేం ఉందో మరిచిపోయి స్పీకరు వత్తేశాడు. మామూలు స్పీడులో, బ్లోయరు లేని ఆ షెడ్‌లో, ప్రతి అక్షరం విడివిడిగా పలికింది.

"రోజా తోట... ఈడ ఉండా. ఈడ పువ్వు కొయ్యరంట ఆశా. విచ్చుకొని, రాలేదాకా చెట్టుమీదనే. మంచుకు ఫోటోలో రాలేదు. నువ్వే చూడల్ల. నేను తోడుకొని వస్తా. వస్తావా?"

ఆఖరి మాటకు మాదేశ్ చెయ్యి స్పీకరు మీదికి పోయింది గానీ, అది అప్పటికే అందరి చెవుల్లోకి పోయింది. ఒకటిన్నర స్పీడులో తోట, ఈడ కలిసిపోయి తోటే అయిందని కలైసెల్వి పళ్ళ సందున మళ్ళీ మళ్ళీ పలికి చూసుకుంది. రోజా తోటీడుండా. రోజాతోటే ఉండా. చుట్టూ ఉన్నవాళ్ళకు తలొక్కరికీ అప్పజెప్పింది.

ఆరు రోజులు ఆ ప్రశ్న తన ఫోనులోనే, పదిహేను సెకన్ల లోతున పడి ఉంది. ఆశ జేబులోంచి ఫోను తీసింది. మేనేజరు రూలు గుర్తుంది. అయినా తీసింది. ఆ మెసేజీని పక్కకు జరిపి, దాని కిందనే జవాబు టైపు చేసింది. అడుగు దూరంలో మాదేశ్ చేతిలో ఫోను టింగుమంది.

అతను చదివాడు. ఇంకోసారి చదివాడు.

"గురుబరపల్లికా? నువ్వా?"

"సూపర్‌వైజరుగా. రేపటి నుంచి," అంది ఆశ. "వస్తానని రాసినా కదా. ఆడ లీవు దొరికినప్పుడు."

"పోవద్దులే" అని అతని నోటి దాకా వచ్చిందేమో, ఆమె ముఖం చూసి మింగేశాడు. ఆమెకు మాత్రం పోవడానికి మొదట ఉన్న కారణం ఇప్పుడు లేదు. వెదికితే ఒకటిన్నర ఇటుకల ఎత్తున వేరే కారణం దొరికింది. అది ఎవరి మీదా కోపం కాదు.

"అట్లయితే ఆ కడియం చెయ్యి..."

"మోహన్‌కుమార్ అన్న చెయ్యి. ముగ్గురు పిల్లలు. మిగతాదంతా కత్తిరించేసినా."

ఏళుమలై తుమ్మినంత గట్టిగా నవ్వాడు. ఆ నవ్వుకు ఆఫీసు గది తలుపు తెరుచుకుంది. అనంతకుమార్ వచ్చి ఆగిన బ్లోయరును, ఆగిన కత్తులను, సూపర్‌వైజరు కాబోయే మనిషి చేతిలో ఫోనును చూసి, ఏం జరుగుతా ఉంది ఈడ అని అడిగాడు.

మంజులమ్మ స్కేలు ఎత్తి, వెనక టేబుల్ వాళ్ళకు కూడా వినపడేట్టు చెప్పింది. "ఏమీ లేదు సార్. రోజాతోటే అని విన్నాము. రోజా అనే పిల్ల లేదు, ఏమీ లేదు. తోట సార్, తోట. పాలీహౌస్ అని చెప్పుంటే వారం రోజులు ఈ గోల ఉండేదే కాదు. ఆడ చండీగఢ్‌లో రోజా తోట అని ఒకటుందంట. పువ్వులు కొయ్యరంట."

"కొయ్యకుండా ఏం చేస్తారు?" అన్నాడు అనంతకుమార్.

మంజులమ్మ చేతిలోని మొగ్గ వైపు చూసింది. కొంచెం విచ్చుకుంటే చాలు, ఇరవై ఏళ్ళుగా బుట్టలో పారేస్తున్న చెయ్యి అది.

"చూస్తారంట సార్," అంది.